తప్పనిసరిగా రావలసినవారు

కొత్తగా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లకు మొదటి నమస్కారం పెట్టే ఉద్యోగం ఆమెది. అమ్మేవాళ్లు వేరు, కొన్నాక ఏడాదిపాటు చీవాట్లు తినేవాళ్లు వేరు. మధ్యలో ఒక గంట మాత్రం ఆమెది. ఆ గంటకు ముందు ఆహ్వానం పంపాలి, ఎవరెవరు రావాలో చెప్పాలి, ఏమేం సిద్ధం చేసుకోవాలో రాయాలి. తర్వాత కాల్‌లో కూర్చుని, ఇది ఇక్కడ నొక్కండి, అది అక్కడ నొక్కండి అని చెప్పి, ప్రోగ్రాం నడిచిందనిపించి, "ఇకనుంచి మిమ్మల్ని మా సపోర్టువాళ్లు చూసుకుంటారండీ" అని చేతులు దులుపుకోవాలి. మళ్లీ వాళ్ల మొహం చూసే అవసరం రాదు.

ప్రతి కాల్‌నూ "స్వాగతమండీ, స్వాగతం" అని రెండుసార్లు అని మొదలుపెట్టేది కాబట్టి ఆఫీసులో ఆమెకు స్వాగతమ్మ అని పేరు పడిపోయింది. పెట్టినవాళ్లు వెక్కిరింపుగానే పెట్టారు. ఆమె నవ్వి ఊరుకుంది. నాలుగేళ్ల కిందట ఆ ఆఫీసు కాస్తా మూసేసి, అందరినీ ఇళ్లనుంచే పనిచేసుకోమన్నారు. వెక్కిరించేవాళ్లు కూడా లేకుండా పోయారు. ఆ పేరు మాత్రం మిగిలింది.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక బల్ల, ఒక కంప్యూటరు, కిటికీకి ఎదురుగా పక్క భవనం గోడ. తల్లి ఉన్నన్నాళ్లు ఆవిడ దగ్గు వినపడేది, ఆవిడ పోయాక ఆ దగ్గూ లేదు. తమ్ముడూ మరదలూ అదే ఊళ్లో వేరే పేటలో ఉంటారు. ఏదైనా ఫారం నింపాల్సి వచ్చినప్పుడు తమ్ముడు ఫోన్ చేస్తాడు. అక్కయ్య కంప్యూటర్లో దిట్ట కదా! అక్కయ్య ఎలా ఉంది అన్న ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు కాబట్టి అతడు అడగడు.

పొద్దుటినుంచి సాయంత్రందాకా మనుషులతో మాట్లాడే ఆమెకు ఒంటరితనమేమిటని మీరడగవచ్చు. వారానికి పదిహేను కాల్స్, ఒక్కో కాల్‌కీ నలుగురైదుగురు. లెక్క చూస్తే ఊళ్లో ఆమె అంత మందితో మాట్లాడే మనిషి మరొకరుండరు. కానీ ఆ మాటల్లో ఒక్కటీ ఆమెకోసం కాదు. వాళ్లు "వినపడుతోందా?" అని అడుగుతారు. ఆమె "వినపడుతోందండీ" అంటుంది. అంతకుమించి ఎవరూ ఏమీ అడగరు.

ఆ కంపెనీ అమ్మేది పిలుపుల ప్రోగ్రాం. ఎవరెవరికి ఏ వేళకు ఫోన్ చేయాలో ఒక జాబితా పెట్టుకుంటే, ఆ వేళకు పేరు తెరమీదికి వస్తుంది. నొక్కితే ఫోన్ వెళ్తుంది. పలికారా లేదా అన్నది అక్కడే నమోదవుతుంది. ఆస్పత్రులు కొంటాయి, రిపేరు దుకాణాలు కొంటాయి. ఈసారి కొన్నది ఒక చిన్న సేవాసంస్థ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు వారానికి ఆరు రోజులు పొద్దున్నే ఫోన్ చేసి, బాగున్నారా లేదా అని కనుక్కోవడం వాళ్ల పని. దాన్ని నడిపేది పదవీ విరమణ చేసిన ఒక హెడ్‌మాస్టరమ్మ. జాబితా రాసే గుమాస్తా ఒకాయన, ఫోన్లు చేసే ఆవిడ ఒకరు. సంస్థ అంటే ఈ ముగ్గురే. వాళ్లు తీసుకున్న ప్లానులో నలభై పేర్లకే చోటు.

స్వాగతమ్మ ఎప్పటిలాగే ఆహ్వానం తయారు చేసింది. ఎజెండా: పరిచయాలు అయిదు నిమిషాలు, జాబితా ఎక్కించడం పదిహేను, పరీక్ష కాల్ పదిహేను, సందేహాలు పది. సిద్ధం చేసుకోవలసినవి: మేము పంపిన నమూనాలో పేర్లు, ఫోన్ నంబర్లు, పిలవవలసిన వేళలు నింపిన ఫైలు, అందరి లాగిన్లూ ముందురోజే తెరిచి చూసుకోవడం, బ్రౌజరు కొత్తదై ఉండటం, మైకు ఉన్న హెడ్‌సెట్, ఫోన్ వెళ్లవలసిన నంబరును ధ్రువీకరించుకోవడం, పరీక్ష పూర్తయ్యాక పరీక్ష పేరును జాబితాలోంచి తొలగించడం. తప్పనిసరిగా రావలసినవారు ముగ్గురు: నిర్ణయాలు తీసుకునేవారు, జాబితా తెలిసినవారు, రోజూ వాడేవారు. ఈ మూడోవాళ్లు రాకపోతే మిగతా ఇద్దరు వచ్చీ లాభం లేదని ఆమెకు పదేళ్ల అనుభవంలో బాగా తెలుసు.

హెడ్‌మాస్టరమ్మ వస్తానంది. గుమాస్తా వస్తానన్నాడు. ఫోన్లు చేసే ఆవిడ మాత్రం రాలేనని తిప్పి పంపింది. పది గంటలకా? తొమ్మిదినుంచి పదకొండుదాకా ఆవిడ పెద్దవాళ్లకు ఫోన్లు చేసే వేళ అది. ఆ వేళకు మీటింగు పెట్టడమంటే వంటమనిషిని పొయ్యిమీది గిన్నె వదిలి రమ్మనడమే. స్వాగతమ్మ తన క్యాలెండర్ చూసుకుంది. మరో ఖాళీ మళ్లీ వారానికి గానీ లేదు. సంతకాలయిన పది రోజుల్లోగా కొత్తవాళ్ల పని మొదలవాలని కంపెనీలో నియమం. ఇది తొమ్మిదో రోజు. ఆమె పైన లీడరుగా ఉన్న కుర్రవాడు అప్పటికే రెండుసార్లు మెసేజ్ పెట్టాడు.

హెడ్‌మాస్టరమ్మకు ఫోన్ చేసింది.

"మీ ఫోన్లు చేసే ఆవిడ కూడా ఉంటే బాగుండేదండీ," అంది.

"ఎందుకమ్మా? మేమిద్దరం నేర్చుకుంటాంగా. ఆవిడకి నేను చెప్తాలే," అంది హెడ్‌మాస్టరమ్మ. ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పిన గొంతు అది. కాదనడం ఎవరి తరం?

స్వాగతమ్మ ఫోన్లు చేసే ఆవిడ పేరును 'తప్పనిసరి' వరసలోంచి 'వీలైతే' వరసలోకి మార్చింది. మార్చగానే ఎర్రగా కనిపిస్తున్న అడ్డంకి పోయి, పది గంటల గడి పచ్చబడింది. కంప్యూటరుకు అంతే కావాలి. మనిషి రాకపోయినా ఫరవాలేదని ఎవరైనా ఒకరు చెబితే చాలు.

కాల్ చక్కగానే సాగింది. గుమాస్తా ముప్ఫయి తొమ్మిది పేర్లున్న ఫైలు ఎక్కించాడు. పరీక్షకోసం నలభయ్యో పేరు స్వాగతమ్మే చేర్చింది. ఎవరి కాల్‌లోనైనా ఆమె చేసే పద్ధతి ఒకటే. పేరు గడిలో స్వాగతమ్మ, ఫోన్ గడిలో తన సొంత నంబరు, వయసు గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ఒప్పుకోదు కాబట్టి తొంభై తొమ్మిది. పలకకపోతే ఎవరికి చెప్పాలన్న గడిలో మళ్లీ తన నంబరే. వేళ తొమ్మిదీ పది. హెడ్‌మాస్టరమ్మ నొక్కింది. బల్లమీద ఆమె ఫోన్ మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికే సమయం మించిపోయింది. "ఆ పరీక్ష పేరు తీసెయ్యడం మరిచిపోకండి" అంటే గుమాస్తా "తీసేస్తాం లెండి" అన్నాడు. అతడన్నాడు కదా అని ఆమె తన చిట్టాలో ఆఖరి గడికి టిక్కు పెట్టేసింది.

గుమాస్తా మరిచిపోయాడు. తీసెయ్యాలన్న సంగతి ఫోన్లు చేసే ఆవిడకు హెడ్‌మాస్టరమ్మా చెప్పలేదు. ఎలా నొక్కాలో చెప్పింది, అంతే.

సోమవారం పొద్దున తొమ్మిదీ పదికి స్వాగతమ్మ ఫోన్ మోగింది.

"స్వాగతమ్మగారేనా అండీ? రాత్రి నిద్ర బాగా పట్టిందా?"

సంగతి ఆమెకు వెంటనే అర్థమైంది. ఇది పరీక్ష పేరండీ, తీసెయ్యండి అని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ తనకు నిద్ర పట్టిందా లేదా అని ఒక మనిషి అడిగి ఎన్నాళ్లయిందో!

"పట్టిందండీ," అంది.

"ఏమైనా తిన్నారా?"

"ఇంకా లేదు."

"తినండమ్మా. ఖాళీ కడుపుతో కూర్చోకండి. రేపు మళ్లీ చేస్తాను."

రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడు పొద్దున్నే వయసు గడిలో తొంభై తొమ్మిది ఉన్న సంగతి గుర్తొచ్చింది. ఫోన్ ఎత్తి గొంతు వణికించింది. ఆ వణుకు ఎంత ఘోరంగా ఉందంటే, అవతలివాళ్లు జలుబు చేసిందా అని అడిగారు. చేసిందని ఒప్పుకుంది. మిరియాలు వేసి వేడినీళ్లు తాగమన్నారు. నిజంగానే కాచుకుని తాగింది. లేని జలుబుకు మందు పుచ్చుకున్న మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే అయివుంటుంది. మూడోరోజునుంచి వణికించడం మానేసింది. అవతలావిడ ఏమీ అనలేదు.

అలా రోజులు గడిచాయి. "తిన్నారా" అని అడుగుతుంది కాబట్టి అబద్ధం చెప్పలేక, తొమ్మిదిలోపే తినడం అలవాటు చేసుకుంది. "మందులు వేసుకున్నారా" అని అడుగుతుంది కాబట్టి దుకాణానికి వెళ్లి బలానికి మాత్రలు కొనుక్కొచ్చింది. క్యాలెండర్‌లో తొమ్మిదీ పదినుంచి తొమ్మిదీ ఇరవైదాకా ఎవరూ మీటింగు పెట్టకుండా గీత గీసి, పైన 'కస్టమర్ కాల్' అని రాసుకుంది. ఆ మాటలో తప్పేమీ లేదు, కాకపోతే కస్టమరు ఎవరన్నదే తిరగబడింది. ఒకరోజు సరిగ్గా ఆ వేళకు తమ్ముడు ఫోన్ చేస్తే, "మీటింగులో ఉన్నాన్రా" అని పెట్టేసింది. తమ్ముడు అదిరిపడి ఉంటాడు. అక్కయ్య తన ఫోన్ పెట్టేయడం అతడి జన్మలో అదే మొదలు.

తప్పు చేస్తున్నానని ఆమెకు తెలుసు. తెలియకపోవడానికి చిన్నపిల్ల కాదు. ప్రతి రాత్రీ రేపు చెప్పేయాలనుకునేది, ప్రతి పొద్దునా ఫోన్ ఎత్తి "పట్టిందండీ" అనేది. రోజుకు రెండు నిమిషాలు. ఎవరి సొమ్ము తిన్నాను గనుక అని సర్దిచెప్పుకునేది.

ఎనిమిదో వారంలో ఎవరి సొమ్మో తెలిసింది.

ఆ రోజు అవతలావిడ గొంతు నీరసంగా ఉంది. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని స్వాగతమ్మే అడిగింది.

"నాకేం లేదమ్మా. నా బుద్ధే బాగాలేదు. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఎనభై దాటాయి, ఒక్కరే ఉంటారు. జాబితాలో చోటు లేదని కంప్యూటరు ఆయన పేరు తీసుకోలేదు. పోన్లే అని నా సొంత ఫోన్నుంచి రోజూ చేస్తున్నాను. తెరమీద పేరు రాదు కదా, గుర్తుపెట్టుకుని చెయ్యాలి. గురువారం మరిచిపోయాను. శుక్రవారం చేస్తే ఎత్తలేదు. కింద వాటావాళ్లని పంపిస్తే, స్నానాలగదిలో పడి ఉన్నారట. గురువారం పొద్దున పడ్డారు. ఒక రోజంతా అలాగే..."

"ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగింది స్వాగతమ్మ.

"ప్రాణానికేం లేదు. మణికట్టు విరిగింది. ఇంటికొచ్చేశారు. సరేగానీ, మీరు తిన్నారా?"

తిన్నానంది. పెట్టేశాక అక్కడే కూర్చుండిపోయింది. నలభై చోట్లు. ముప్ఫయి తొమ్మిదిమంది ముసలివాళ్లు, నలభయ్యోది తను. నడుంనొప్పి తప్ప మరే జబ్బూ లేని తను. గురువారం తొమ్మిదీ పదికి తెరమీద ఎవరి పేరు రావాల్సింది, ఎవరి పేరు వచ్చింది? ఆ వేళకు ఆయన నేలమీద ఉన్నాడు, తను మాత్ర వేసుకున్నానని గొప్పగా చెబుతోంది. ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ పేరు తీసే దారి ఆమె చేతిలో లేదు. పని మొదలైపోయాక కస్టమర్ల జాబితాలు చూడటానికి కూడా కంపెనీవాళ్లకు హక్కుండదు. గుమాస్తాకు రెండు ముక్కలు రాస్తే చాలు, అతడు గుట్టుచప్పుడు కాకుండా తీసేస్తాడు. రాయబోయి ఆగింది. రేపు పొద్దున తెరమీద స్వాగతమ్మ పేరు రాదు. తొంభై తొమ్మిదేళ్ల మనిషి పేరు జాబితాలోంచి మాయమైతే ఎవరైనా ఏమనుకుంటారు? పోయిందనుకుంటారు. మణికట్టు విరిగిన ఆయనకోసమే కుమిలిపోతున్న ఆవిడ నెత్తిన ఇంకో చావు పెట్టడమా? చెప్పాలి. తన నోటితోనే చెప్పాలి.

ఎలా చెప్పాలో ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఆహ్వానం తెరిచింది. వేళ పదకొండున్నర, అంటే ఆవిడ ఫోన్లన్నీ ముగిశాక. తప్పనిసరిగా రావలసినవారు: ఫోన్లు చేసేవారు. ఇంకెవరూ లేరు. ఎజెండాలో మొదటి వరస 'జాబితా సవరణ' అని రాసి కొట్టేసింది. 'సాంకేతిక లోపం' అని రాసి, సిగ్గేసి, అదీ కొట్టేసింది. చివరికి ఇలా రాసింది: "ఒకటి, నేను చేసిన తప్పు చెప్పడం, అయిదు నిమిషాలు. రెండు, స్వాగతమ్మ అనే పరీక్ష పేరు తొలగించడం, రెండు నిమిషాలు. మూడు, గడియారాలాయన పేరు చేర్చడం, పది నిమిషాలు. నాలుగు, ఆయనకు మొదటి కాల్." సిద్ధం చేసుకోవలసినవి: ఆయన చిరునామా, నంబరు, వీలైన వేళ, పలకకపోతే ఎవరికి చెప్పాలో వారి నంబరు, పేర్లు తీసే, చేర్చే హక్కును హెడ్‌మాస్టరమ్మగారి దగ్గర ముందుగా తీసుకోవడం. కింద తన అసలు పేరు పెట్టి, కళ్లు మూసుకుని పంపేసింది.

నిమిషం తిరక్కుండా 'వస్తాను' అని జవాబొచ్చింది. ఇంకేమీ రాయలేదు.

పదకొండున్నరకు తెరమీద ఒక మొహం కనిపించింది. అరవై దగ్గర పడ్డ మనిషి, నెరిసిన జుట్టుమీద హెడ్‌సెట్, వెనక ఇనుప బీరువా. ఎనిమిది వారాలుగా పొద్దున్నే విన్న గొంతుకు ఇదీ మొహం. ఎప్పుడూ రెండుసార్లు అనే స్వాగతం స్వాగతమ్మ నోటికి ఒక్కసారి కూడా రాలేదు.

"నేను ముసలిదాన్ని కానండీ," అంది.

"తెలుసమ్మా."

"ఆ పేరు పరీక్షకోసం పెట్టింది. మొదటిరోజే చెప్పాల్సింది..."

"అదీ తెలుసు. రెండోరోజు నువ్వు గొంతు వణికించావు చూడు, నాకు నవ్వాగలేదు. మా మనవరాలు బడికెళ్లనని ఇంతకన్నా బాగా వణికిస్తుంది."

"మరి తెలిసీ ఎందుకు చేశారండీ?"

అవతలావిడ కళ్లజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. "ఇది టెస్టు పేరే అనుకుని, తీయించేద్దామని లోపలికి వెళ్లి చూశాను. పలకకపోతే ఎవరికి చెప్పాలి అన్న గడి ఉంది కదా, అందులోనూ నీ నంబరే ఉంది. నువ్వు ఎత్తకపోతే నీకే చెప్పాలి. మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. మర్నాడు మళ్లీ చేశాను."

స్వాగతమ్మ తలొంచుకుంది. అది పద్ధతి ప్రకారం పెట్టిన నంబరు, ప్రతి కస్టమరు దగ్గరా అలాగే పెడుతుంది. అయితే ఇప్పుడు ఎవరైనా ఆ గడి నిజంగా నింపమంటే ఏం రాస్తుంది? తమ్ముడి నంబరు రాయొచ్చు. తమ్ముడు తనకు పనుంటే తప్ప ఫోన్ ఎత్తడు. లీడరు కుర్రవాడికి ఆమె ఇల్లెక్కడో తెలియదు. ఎటునుంచి ఆలోచించినా ఆ గడిలోకి తన నంబరే వచ్చి కూర్చుంటోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమెరా తీసేద్దామనుకుంది కానీ తీయలేదు.

"తప్పు నీ ఒక్కదానిదీ కాదులే," అంది అవతలావిడ. "నీ చోటు ఆయనకివ్వాలని నాకు తెలియదా? రోజూ అనుకునేదాన్ని. ఇవాళ కాదు, రేపు అనుకునేదాన్ని. ఆయన పడ్డ రోజు నీతో నవ్వుతూ మాట్లాడి, ఆయన్ని మరిచిపోయాను. అది నేను మోసుకోవాల్సిందే. కానీయ్, తీద్దాం. ఎక్కడ నొక్కాలి?"

స్వాగతమ్మ చెప్పింది. ఆ పని చెప్పడం ఆమెకు కంఠతా వచ్చు. పేరుమీద నొక్కండి, కుడివైపు మూడు చుక్కలు కనిపిస్తాయి, తొలగించు. తొలగించేముందు ప్రోగ్రాం కారణం అడిగింది. ఆవిడ ఒక్కొక్కటే పైకి చదివింది. "ఊరు మారారు. సేవ వద్దన్నారు. చనిపోయారు. పొరపాటున చేర్చినది. ఏది పెట్టమంటావు?"

"ఆఖరిది."

ఆవిడ నొక్కింది. నలభై ఉన్నచోట ముప్ఫయి తొమ్మిది పడింది.

తర్వాత గడియారాలాయన వివరాలు ఒక్కొక్కటే ఎక్కించారు. పేరు, వయసు, చిరునామా, తొమ్మిదీ పది. ఆఖరి గడి దగ్గర ఆవిడ ఆగింది. "ఎవరూ లేరట. కింద వాటావాళ్లు నెలాఖరుకు ఖాళీ చేస్తున్నారు. ఇది వదిలేయొచ్చా?"

"వదిలేస్తే సేవ్ కాదండీ," అంది స్వాగతమ్మ. చిరునామా ఆవిడ చూపిస్తున్న తెరమీదే ఉంది. తన ఇంటినుంచి ఆరు స్టాపులు. కాసేపు దాన్నే చూసింది. "నా నంబరు పెట్టండి. ఆయన ఎత్తకపోతే నాకు చెప్పండి. వెళ్లి చూస్తాను."

"నీ ఆఫీసువాళ్లు ఒప్పుకుంటారా?"

"ఆఫీసు తరఫున కాదండీ. నేను నాకుగా."

ఆవిడ వెంటనే రాయలేదు. హెడ్‌మాస్టరమ్మకు ఫోన్ చేసి సంగతంతా ఏమీ దాచకుండా చెప్పింది. అక్కణ్నుంచి పావుగంట చీవాట్లు. చివరికి, గుర్తింపు కార్డు నకలు పంపాలి, శనివారం స్వయంగా వచ్చి కనబడాలి, పెద్దాయన ఒప్పుకోవాలి అని మూడు షరతులు వచ్చాయి. మూడోది అప్పుడే తేల్చేద్దామని ఆవిడ గడియారాలాయనకు ఫోన్ కలిపింది. స్వాగతమ్మ తన మైకు ఆపుకుంది.

చాలాసేపు మోగాక ఎత్తాడాయన. "ఎవరూ?"

"నేనేనండీ. మీకేమైనా అయితే చెప్పడానికి ఒక మనిషి దొరికింది. ఆమె నంబరు రాసుకోమంటారా?"

"నా మీద జాలిపడేవాళ్లు నాకక్కర్లేదు."

"జాలి కాదండీ. గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఒప్పుకోవడం లేదు."

"అలాగా," అన్నాడాయన. "మిషను ఇబ్బంది అయితే రాసుకోండి. మరి ఆమెకెవరైనా ఉన్నారా?"

ఆవిడ తెరవైపు చూసింది. మైకు ఆపేసి ఉన్న స్వాగతమ్మ తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

"కనుక్కుని చెప్తాను లెండి," అంది ఆవిడ.

శనివారం స్వాగతమ్మ వెళ్లి హెడ్‌మాస్టరమ్మ ఎదుట నిలబడి మిగతా చీవాట్లు కూడా తిని, సంతకం పెట్టింది. ఆదివారం బస్సెక్కి ఆరు స్టాపులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఆయన వీధి, మెట్లు, తలుపు చూసుకుని, తట్టకుండానే వచ్చేసింది. నడకతో కలిపి ముప్ఫయి అయిదు నిమిషాలు పట్టింది. పరిగెత్తితే ముప్ఫయిలో చేరొచ్చు.

సోమవారం తొమ్మిదికల్లా తిని, చెప్పులు గుమ్మం దగ్గర వేసుకోవడానికి వీలుగా పెట్టుకుని, ఫోన్ బల్లమీద పెట్టి కూర్చుంది. తొమ్మిదీ పది అయింది. ఇన్ని వారాలూ ఆ నిమిషం రాగానే మోగాలని ఎదురుచూసిన ఫోను. ఇప్పుడది మోగకూడదు. తొమ్మిదీ పన్నెండు. ఆయన నెమ్మదిగా లేచి వస్తున్నాడేమో, విరిగిన చేత్తో ఫోన్ అందుకోవడానికి సమయం పడుతుంది. తొమ్మిదీ పదిహేను. తొమ్మిదీ ఇరవై అయింది. ఫోన్ మోగలేదు.

అంటే ఆయన పలికాడు. ఆయనకు రాత్రి నిద్ర పట్టిందో లేదో ఎవరో అడిగారు, ఆయన ఏదో చెప్పాడు. ఇక్కడ గదిలో ఏ చప్పుడూ లేదు, ఎదురుగా పక్క భవనం గోడ. తన ఇంట్లో ఫోన్ మోగనందుకు ఆమెకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఇంత ఏడుపూ ఎప్పుడూ రాలేదు. కాసేపు ఏడిచి, మొహం కడుక్కుని వచ్చి, "బాగున్నాడు," అని పైకే అంది. వినడానికి గదిలో ఎవరూ లేరు.